నీలం పడితే సరే అన్నట్టే

పోయిన వారం రజినిని మనం తాండూరులో, కొత్త బడి గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. నిన్నమొన్నటి దాకా ఆ బడి ఆమె మామ రాజేశం కందుల గోదాం. ఇప్పుడు గోడలకు రంగు వచ్చింది, నేలకు బండలు పరిచి నునుపు పట్టించారు, గుమ్మం మీదికి బోర్డు కూడా ఎక్కింది. మూలల్లో కందుల దుమ్ము వాసన మాత్రం ఇంకా పోలేదు. ఈ బడిని ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి నడపాలన్నది మొదటి మాట. ఒకరు రజిని, రెండోవారు వికారాబాదులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే జ్యోతిరాణి. ఇద్దరూ బి.ఎడ్. ఒకే బెంచీ మీద చదివారు. రజినికి గోదాం ఉంది, జ్యోతిరాణికి చదువు చెప్పడం వచ్చు. గోదాం ఉన్నవాళ్ళే దేశంలో బడులు పెడతారు కాబట్టి ఇందులో విడ్డూరం ఏమీ లేదు.

అటువంటి జ్యోతిరాణి తన మెసేజ్‌లు తెరిచి చూడటమే మానేసిందని రజిని నమ్మింది. నమ్మి మొహం ముడుచుకుంది, ముడుచుకుని మొన్న ఆదివారం చేయకూడని పని ఒకటి చేసింది. అంతలో ఆటో ఆగింది. చేతిలో బట్టసంచితో, మొహం నిండా నవ్వుతో జ్యోతిరాణి దిగింది. పోయిన వారం అక్కడే తలుపు వేశాం.

ఇప్పుడు లోపలికి పోయేముందు ఆ ఇద్దరి మధ్యనున్న ఒక ఒప్పందం తెలియాలి. జ్యోతిరాణి పనిచేసే బడిలో క్లాసులో ఫోన్ ముట్టుకోవడానికి లేదు. రెండు పీరియడ్ల మధ్య వరండాలో నడుస్తూ ఒకసారి తెరిచి చూడగలదు, అంతే. టైపు చేసే తీరిక ఉండదు. అందుకని ఇద్దరూ ఎప్పుడో ఒక మాట అనుకున్నారు. మెసేజ్ కింద టిక్కులు రెండూ నీలం అయితే సరే అన్నట్టు. కాదనుకుంటేనే 'వద్దు' అని రాయాలి. సినిమా టికెట్ల దగ్గరి నుంచి రజిని పెళ్ళి చీర అంచు రంగు దాకా అన్నీ ఈ లెక్క మీదే నడిచాయి. నీలం పడితే సరే. రాయక్కరలేదు, ఫోన్ చేయక్కరలేదు. అంత సుఖమైన ఒప్పందం మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఉండదు.

దాన్ని చెడగొట్టింది రజిని అత్త కస్తూరమ్మ. పాపం, ఆవిడకు ఆ సంగతి తెలియదు. కస్తూరమ్మ కింది అంతస్తులో ఉంటుంది, రజిని పైన ఉంటుంది. ఒక కేక వేస్తే వినబడేంత దూరం. అయినా ఆవిడ తెల్లారకముందే మంచంలోంచి దేవుడి బొమ్మలు, మెంతుల కషాయం లాభాలు, కోడళ్ళు ఎట్లా ఉండాలో చెప్పే సూక్తులు పంపుతుంది. టిక్కులు నీలం కాగానే కింది నుంచి, "చూసినవ్ గదనే, ఏమంటవ్ మరి?" అని అడుగుతుంది. మెంతుల గురించి రోజూ ఏమనగలదు ఎవరైనా! రజిని విసిగిపోయి ఒకనాడు ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీలోకి పోయి, రీడ్ రిసీట్స్ అన్న మీట ఆపేసింది. ఆరోజు నుంచి అత్త పంపినవి చదివినా అత్త ఫోన్‌లో టిక్కులు బూడిద రంగులోనే ఉండిపోయాయి. "ఏమో అత్తమ్మా, చూడలేదు" అనే మాట రజినికి చాలా తియ్యగా అనిపించింది.

ఆ మీట కింద చిన్న అక్షరాలు రెండు వరుసలు ఉంటాయి. అది ఒక్క మనిషి కోసం ఆగదు, ఆపితే అందరికీ ఆగుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. నీవు చదివినట్టు ఎదుటివాళ్ళకు తెలియకుండా చేసుకుంటే, వాళ్ళు చదివినట్టు నీకూ తెలియదు. రజిని చదవలేదు. పిల్లలకు చదువు చెప్పడానికి బడి పెడుతున్న మనిషి రెండు వరుసలు చదవలేదు.

మరునాడే ఆమె జ్యోతిరాణికి గది గోడ రంగు ఫోటో పంపింది, బాగుందా అని. జ్యోతిరాణి వరండాలో చూసింది, బాగుందనుకుంది, నీలం పడి ఉంటుంది కదా అని క్లాసుకు పోయింది. ఇటు రజిని ఫోన్‌లో మాత్రం టిక్కులు బూడిద. తర్వాత బోర్డు నమూనా పంపింది. బూడిదే. రజినికి మొదట చిన్నతనం అనిపించింది, పిదప కోపం వచ్చింది. తర్వాత జ్యోతిరాణి దగ్గర నుంచే మెసేజ్ వచ్చింది: "ఉన్న కొలువుకు రాజీనామా ఇయ్యాల్నా?" నా ఫోటోలు చూసే తీరిక లేదు గానీ తన గొడవ రాసే తీరిక ఉందన్నమాట, అనుకుంది రజిని. ఆ ప్రశ్న రాయాలంటే ఈ ఫోటోల కిందే కదా రాయాలి, రాసినప్పుడైనా టిక్కులు నీలం కావాలి కదా, కాలేదంటే తప్పు ఎక్కడుంది అని ఒక్క క్షణం ఆలోచించలేదు. కోపంలో ఉన్నవాళ్ళకు ఆలోచన అవమానంగా ఉంటుంది.

అయినా పెద్దమనసు చేసుకుని ఆ ప్రశ్న తెరిచి చదివింది. చదివాను, నీలం పడింది, సరే అన్నట్టేగా, ఇక తనే రాజీనామా ఇచ్చి వస్తుందిలే అనుకుంది. వికారాబాదులో జ్యోతిరాణికి ఏ నీలమూ పడలేదు. ఆమె చూసి చూసి, "చూసినవా?" అని ఇంకోటి పంపింది. నీలం కళ్ళ ముందు పెట్టుకుని చూసినవా అని అడుగుతోందంటే వెటకారం కాక ఏమిటి అని రజిని పళ్ళు కొరికింది. ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారు మీరు. ముందు చేసినవాళ్ళు లొంగినట్టు అని వికారాబాదులోనూ అనుకున్నారు, తాండూరులోనూ అనుకున్నారు. పౌరుషం ఉన్నచోట బుద్ధి అద్దెకు కూడా దిగదు.

ఇక గుమ్మంలోకి వద్దాం.

జ్యోతిరాణి ఆటో అతన్ని పంపేసి, తలెత్తి బోర్డు చూసింది.

"పేర్లు ఇంకా రాయలే? పెయింటరు సగంల పోయిండా ఏంది?" అంది నవ్వుతూ. నమూనాలో బడి పేరు కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఎక్కిన బోర్డు మీద బడి పేరు ఒక్కటే ఉంది.

రజిని నడుము మీది చెయ్యి తీయలేదు. "ఓహో, నమూనా గుర్తుందే! మెసేజ్ చూస్తానికి తీరిక లేదు గని బోర్డు ఎక్కంగనే బస్సెక్కుతానికి తీరిక దొరికిందా?"

జ్యోతిరాణి నవ్వు కొంచెం తగ్గింది. "ఏం మెసేజ్ చూడలే నేను?"

"ఏం చూసినవ్? గోడల రంగు చూసినవా?"

"చూసిన. లేత పసుపు. పిల్లలకు మంచిగుంటది అనుకున్న."

"అనుకుంటే నాకెట్ల తెలుస్తదే?"

"అదేంది? నీలం పడింది గదా నీకు! మనకు గదే గదా మాట?"

"ఏడ పడ్డది నీలం?" రజిని గొంతు గోదాం అంతా వినబడింది. "గోడ రంగుకు పడలే, బోర్డుకు పడలే. తెరిచన్న చూడలే. నేను గీ ఎండల పని చేయించుకుంట నీకు ఫోటోలు పంపుడు, నువ్వు మహారాణి లెక్క పక్కకు పెట్టుడు. ఇప్పుడచ్చి చూసిన అంటే నేను నమ్మాల్నా?"

లోపలి గదిలోకి నడుస్తూ ఈ మాటలన్నీ అంది. ప్రిన్సిపాల్ గది అది. కొత్త టేబుల్, కొత్త కుర్చీ, కుర్చీకి ఇంకా ప్లాస్టిక్ కాగితం తీయలేదు. జ్యోతిరాణి సంచి టేబుల్ మీద పెట్టింది. అందులో తన తల్లి రాహేలమ్మ పంపిన పల్లిపట్టి ఉంది, తీసి ఇద్దామనుకుని ఆగిపోయింది.

"నువ్వు నన్నంటున్నవా?" అంది. ఆమెకు కోపం మెల్లగా వస్తుంది, కానీ వస్తే కుదురుగా వస్తుంది. "నా కొలువు గురించి నిన్ను అడిగితే నువ్వు తెరిచి చూసినవా? బూడిద రంగు అట్లనే ఉన్నది. మల్ల అడిగిన. మల్ల బూడిదే. ఫోన్ల చూస్తలేవేమో, పనుల ఉన్నవేమో అనుకున్న. మన బి.ఎడ్. గ్రూపుల గణేశ్ కొడుకు పుట్టినరోజు అని నేను రాసిన చూడు, దాన్ని ఒత్తిపట్టి ఇన్ఫో చూసిన. చదివినోళ్ళల్ల నీ పేరు అందరికన్న ముందున్నది. గ్రూపుల కేకు చూస్తానికి నీకు టైం ఉన్నది. నా బతుకుదెరువు చూస్తానికి లేదు."

"అబద్ధం! నువ్వు అడిగినవి రెండూ చదివిన నేను. నీలం పడ్డంక కూడ చూసినవా అని ఎక్కసెక్కంగ అడిగినవ్."

"నాకు పడలే."

"నేను చదివిన అంటున్న గదా!"

"నేనూ చదివిన అనే అంటున్న గదా!"

ఇంతసేపు అరుచుకున్న తర్వాత ఇద్దరూ ఒకే మాట అన్నారని మొదట తట్టింది జ్యోతిరాణికే. ఆమె లెక్కల టీచరు. ఇరువైపులా ఒకే తప్పు వస్తే లెక్కలో కాదు, పలక మీద ఏదో ఉందని అనుకునే రకం.

"ఫోన్ తీయ్," అంది.

"ఎందుకు?"

"తీయవే జర."

జ్యోతిరాణి తన ఫోన్ నుంచి రజినికి ఒక్క అక్షరం పంపింది. రజిని ఫోన్ గుయ్యిమంది. రజిని తెరిచింది. అక్షరం కనబడింది. "ఇగో తెరిచిన," అని చూపించింది. జ్యోతిరాణి తన ఫోన్ తిప్పి ఆమె ముందు పెట్టింది. టిక్కులు రెండు పడ్డాయి. బూడిద రంగులోనే ఉన్నాయి. చూస్తూ ఉన్నారు. మారలేదు.

"ఇప్పుడు నువ్వు పంపు."

రజిని పంపింది. జ్యోతిరాణి తెరిచింది, తెరిచినట్టు చూపించింది. రజిని ఫోన్‌లోనూ టిక్కులు బూడిదే.

"మనిద్దరిల ఒకరిది ఆగి ఉన్నది," అంది జ్యోతిరాణి. తన ఫోన్‌లో ప్రైవసీ తెరిచి చూపించింది. రీడ్ రిసీట్స్ మీట ఆకుపచ్చగా వెలుగుతోంది. "నాది నడుస్తున్నది. నీది చూపెట్టు."

రజినికి అప్పుడు గుర్తొచ్చింది. మెంతుల కషాయం, అత్త మంచం, ఆ మీట. గుర్తొచ్చిన మనిషి ఏం చేయాలి? ఒప్పుకోవాలి. రజిని ఏం చేసింది? ఫోన్ చేతిలో అటూ ఇటూ తిప్పింది, బ్యాటరీ ఎంత ఉందో చూసింది, నెట్ సరిగా లేదంది. జ్యోతిరాణి చెయ్యి చాపింది, తీయలేదు. చివరికి రజిని ప్రైవసీ తెరిచింది. మీట చచ్చి పడి ఉంది.

జ్యోతిరాణి ఆ చిన్న అక్షరాలను వేలు పెట్టి పైకి చదివింది, మొద్దు పిల్లలకు చదివి వినిపించినట్టు. ఆపితే నీవు చదివినట్టు ఇతరులకు పోదు, ఇతరులు చదివినట్టు నీకు రాదు. గ్రూపుల్లో మాత్రం ఎప్పుడూ పోతుంది.

"గందుకే గ్రూపుల నీ పేరు కనవడ్డది," అంది. "గ్రూపుల ఆగదట. మనిద్దరి మధ్యల ఆగింది. ఎవరి కోసం ఆపినవ్?"

"అత్తమ్మ కోసం," అంది రజిని నేల చూస్తూ. వెంటనే తలెత్తి, "కని గట్ల అందరికీ ఆగుతదని ఫోన్ చెప్పొద్దానే?" అంది.

"చెప్పింది గదనే. కింద రాసింది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు రజిని ఫోన్ తయారుచేసినవాళ్ళను నాలుగు తిట్లు తిట్టింది. స్టేటస్‌లో బోర్డు ఫోటో పెడితే చూసినవాళ్ళలో ఒక్క పేరూ రాలేదని, తాండూరంతా తన ఎదుగుదల చూసి ఓర్వలేక మొహం తిప్పుకుందని బాధపడి హర్షవర్ధన్‌తో పోట్లాడిన సంగతి కూడా చెప్పేసింది. హర్షవర్ధన్ ఆమె మొగుడు, అందులో ఆయన తప్పు ఏమీ లేదు.

"అదీ దీంతోనే ఆగుతది," అంది జ్యోతిరాణి. "తాండూరు మొత్తం చూసుంటది పిచ్చిదానా. నేనూ చూసిన."

ఆ 'పిచ్చిదానా' అన్న మాటతో రజినికి నవ్వు వచ్చింది. జ్యోతిరాణికీ వచ్చింది. మీట జరిపారు. ఇంకో అక్షరం పంపి చూశారు. ఈసారి తెరవగానే టిక్కులు నీలం. పైనున్న పాత మెసేజ్‌లు మాత్రం బూడిద రంగులోనే ఉండిపోయాయి. అప్పుడు పోని కబురు ఇప్పుడు పోదు కదా. జ్యోతిరాణి సంచిలోంచి పల్లిపట్టి తీసింది. ఇద్దరూ కొత్త టేబుల్ మీద కాగితం పరిచి తిన్నారు. ఇక్కడితో ఈ కథ ముగించగలిగితే ఎంత బాగుండేది. కానీ రజిని ఆదివారం చేసిన పని ఇంకా అట్లాగే ఉంది, నోట్లో పల్లిపట్టి ఉండగానే అది గుర్తొచ్చి ఆమెకు మింగుడు పడలేదు.

ఆదివారం ఏం చేసిందంటే, జ్యోతిరాణికి ఇస్తానన్న ప్రిన్సిపాల్ కుర్చీని అత్త చెల్లెలి కోడలు స్వరూపకు ఇచ్చేసింది. కస్తూరమ్మ చాలా రోజులుగా అంటూనే ఉంది, "వాళ్ళకు నెలజీతం అలవాటు, మన తోని వ్యాపారంల వాళ్ళేం దిగుతరు, ఇంటిపిల్లను పెట్టుకో" అని. వాళ్ళు అంటే ఎవరో ఆవిడ విడమరచి చెప్పలేదు. రజిని అడగలేదు. బూడిద టిక్కుల కోపంలో సరే అంది. బోర్డు మీద పేర్లు అందుకే రాలేదు.

"అయినా ఒకటి మంచిగైందే," అంటోంది జ్యోతిరాణి చేతులు దులుపుకుంటూ. "అక్షరాలకు నీలం పడకపోయినా వాయిస్ మెసేజ్‌కు పడ్డది. లేకుంటే నేను ఇయ్యాల వచ్చేదాన్ని కాదు."

"ఏం వాయిస్?" అంది రజిని. ఏ వాయిసో ఆమెకు తెలుసు.

"నేను పంపింది. టిక్కులు బూడిదే ఉన్నయి కని పక్కన మైకు బొమ్మ నీలమైంది. విన్నట్టు గదా. మీట ఆపినా మైకుకు ఆగదు గావచ్చు. అబ్బ, ఆ మైకు నీలమవుడు చూసినంక నాకు పానం లేచి వచ్చినట్టయింది. అమ్మకు చూపెట్టిన. ఇగో, మాట్లాడకున్నా ఇన్నదమ్మా, మనసుల ఏం లేదమ్మా అని చెప్పిన."

ఆ వాయిస్ సోమవారం మధ్యాహ్నం వచ్చింది. అందరూ అన్నానికి కూర్చుని ఉన్నారు. తీరిక లేదన్న మనిషికి గొంతు ఎక్కడిదో చూద్దాం అని రజిని స్పీకర్ పెట్టింది. జ్యోతిరాణికి రికార్డింగు అలవాటు లేదు. "హలో, హలో, వినవడుతున్నదా రజినీ" అని మాటిమాటికీ అడిగింది, అవతలి నుంచి ఎవరో జవాబు ఇస్తారన్నట్టు. వెనక కోడి అరిచింది. రాహేలమ్మ దూరం నుంచి, "ఇంక మాట్లాడుతలేదా బిడ్డా గామె?" అని కేకేసింది. కస్తూరమ్మకు నవ్వుతో పొలమారింది. రజిని కూడా నవ్వింది, అత్త నవ్వినప్పుడు కోడలు నవ్వడం మర్యాద కాబట్టి. సగంలో ఆపేసి ఫోన్ పక్కన పెట్టింది. మిగతా సగం ఇంతవరకు వినలేదు. మైకు నీలం కావడానికి మొత్తం వినక్కరలేదు, మొదలుపెడితే చాలు.

"విన్న విన్న," అంది రజిని.

"విన్నవు గదా. గందుకే నిన్న పొద్దున రాజీనామా ఇచ్చేసిన."

రజిని చేతిలోని పల్లిపట్టి ముక్క టేబుల్ మీద పడింది.

"ఇచ్చేసినవా?"

"ఇచ్చేసిన. కరెస్పాండెంట్ సార్ ఊర్లె లేడు, దోమ మండలం పోయిండట. ఇయ్యాల వచ్చి సంతకం పెడితే నా పని అయిపోయినట్టే. నా క్లాసుకు అప్పుడే కొత్తామెను చూసి పెట్టుకున్నరు." జ్యోతిరాణి లేచి గది చుట్టూ చూసింది. "అమ్మకే జర ఫికరు. నా జీతం మీదనే గదా ఇల్లు. ఏం గాదమ్మా, రజిని ఉన్నది అన్న."

చెప్పాల్సింది ఇప్పుడే. సంతకం ఇంకా పడలేదు. ఒక్క ఫోన్ చేస్తే ఆ కాగితం వెనక్కి వస్తుంది, జ్యోతిరాణి కొలువు నిలబడుతుంది. కుర్చీ స్వరూపకు ఇచ్చాను, తప్పయింది, నువ్వు ముందు ఆ రాజీనామా ఆపుకో అని చెబితే చాలు. చెంప మీద ఒకటి పడవచ్చు, పడితే పడింది. రజిని నోరు తెరిచింది. "కాఫీ తాగుతవా?" అంది.

అటువంటి సమయంలో కాఫీ మాట ఎత్తగలిగిన మనిషిని ఏమనాలో తిట్లు బాగా వచ్చినవాళ్ళు అనుకోండి.

జ్యోతిరాణి తాగుతాననేలోగా గేటు చప్పుడైంది. ముందు కస్తూరమ్మ, వెనక స్వరూప. స్వరూప చేతిలో మిఠాయి డబ్బా ఉంది, ఒంటి మీద పట్టుచీర ఉంది. బండల నేల మీద చెప్పులు టకటకమనిపించుకుంటూ వచ్చి గదిలోకి తొంగి చూసింది.

"ఇదేనా అక్కా నా రూము?" అని అడిగింది.

స్వరూప లోపలికొచ్చి కుర్చీకున్న ప్లాస్టిక్ కాగితం కొస పట్టుకుని లాగింది. అది చిర్రుమని చినిగింది. అప్పుడు జ్యోతిరాణి కనబడింది ఆమెకు.

"ఈమె ఎవరక్కా?"

"నాతోని చదివింది," అంది రజిని తొందరగా. "స్కూల్ చూస్తానికచ్చింది."

జ్యోతిరాణి రజిని వైపు ఒకసారి చూసింది. బోర్డు మీద పేర్లు ఎందుకు లేవో, కుర్చీ ఎవరిదో, కాఫీ మాట ఎందుకొచ్చిందో ఆ ఒక్క చూపులో ఆమెకు లెక్క తేలింది. "రజినీ, నేను నీకు పంపింది విన్న అన్నవు గదా?" అని మెల్లగా అడిగింది.

కస్తూరమ్మ చెవులు రిక్కించింది. మొహం విప్పారింది. "అరే! గీ గొంతు నాకు ఎర్కే గదా!" అంది సంబరంగా. "మొన్న అన్నం తినంగ వినిపిస్తివి చూడు కోడలా, హలో హలో అనుకుంట, కోడి కూత తోని! గామెనేనా నువ్వు? అబ్బో, ఎంత నవ్వినం బిడ్డా ఆనాడు!"

స్వరూప కూడా నవ్వింది. ఎందుకో ఆమెకు తెలియదు, పెద్దావిడ నవ్వింది కాబట్టి నవ్వింది. ఆ ఇంటి పద్ధతి ఆమెకు అప్పుడే పట్టుబడింది.

"ఎంతవరకు విన్నరమ్మా?" అని అడిగింది జ్యోతిరాణి.

"ఏడ విన్నం? సగం గూడ కాలే, మాకు నవ్వు ఆగితే గదా!"

రజిని ఫోన్ టేబుల్ మీద తెరిచే ఉంది. జ్యోతిరాణి దాన్ని తన వైపు తిప్పుకుంది. వాయిస్ మెసేజ్ మీద వేలు పెట్టి, వాళ్ళు ఆపిన చోటు దాటించి, వదిలింది. కోడి లేదు, రాహేలమ్మ లేదు. జ్యోతిరాణి గొంతు ఒక్కటే, తడబడకుండా, గది నిండా వినబడింది.

"నువ్వు కోపంల ఉన్నవని నాకు సమజైంది. ఎందుకో తెల్వదు. అడగను. నువ్వు మాట్లాడకున్నా సరే. ఇది విన్నవంటే మైకు నీలమైతది. మన మాట ప్రకారం గదే నాకు సరే అన్నట్టు. రేపు పొద్దున రాజీనామా ఇచ్చి నీ దగ్గరికే వస్త. వద్దనుకుంటే వినకు."

వాయిస్ అయిపోయింది. కస్తూరమ్మ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. స్వరూప మిఠాయి డబ్బా ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. రజినికి సిగ్గు వేసింది, నిజంగానే వేసింది. కానీ ఆ సిగ్గులో కూడా ఆమె మొదట చూసింది అత్త మొహమే.

"జ్యోతీ, నేను మొత్తం వినలేదే, ఒట్టు..." అంది.

"అది నాకు ఇప్పుడే తెల్సింది," అంది జ్యోతిరాణి. సంచి భుజానికి తగిలించుకుంది. మిగిలిన పల్లిపట్టి కాగితంతో సహా మడిచి సంచిలో వేసుకుంది, ఒక్క ముక్క కూడా వదలలేదు. తన ఫోన్ తీసి ఒక నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. వికారాబాదులో ఎక్కడో అది మోగుతోంది. గదిలో ఉన్న ముగ్గురికీ ఆ మోత సన్నగా వినబడుతోంది. రజిని ఒకడుగు ముందుకేసి ఆమె మోచెయ్యి పట్టుకోబోయింది, జ్యోతిరాణి జరిగింది.

అవతల ఎవరో ఎత్తారు.

"సార్, నేను జ్యోతిరాణిని," అంది ఆమె రజినిని చూస్తూనే. "నేను నిన్న ఇచ్చిన కాయితం మీద మీరు సంతకం పెట్టిన్రా?"